‘హ్యాజ్’కు ఒకటి, ‘విల్’కు ఒకటి

(హనుమకొండలో ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, బీఈడీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును మార్చకుండా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినబడుతున్నదా? సరే. పరిచయం మాటలు ఇప్పటికే ఎక్కువైనయి, నేను నేరుగ బోర్డు దగ్గరికే పోత.

ఒక వాక్యం రాస్తున్న. “హీ హ్యాజ్ అండ్ విల్ కంటిన్యూ టు సపోర్ట్ అవర్ కాలేజ్.” దాతలకు ఇచ్చే సన్మాన పత్రాలల్ల, వార్షికోత్సవం రిపోర్టులల్ల, పేపర్లకు పంపే ప్రెస్‌నోట్లల్ల ఇటువంటి వాక్యం మీరు చూసే ఉంటరు. ఆయన మన కాలేజీకి ఇదివరకు అండగ నిలబడ్డడు, ఇకముందు కూడా నిలబడుతడు అని చెప్పాలన్నది రాసినవాళ్ల ఉద్దేశం. ఉద్దేశంల తప్పు లేదు. చదివినవాళ్లకు అర్థం కూడా అయితది. అయినా ఈ వాక్యంల ఒక క్రియ లేదు. ఎక్కడ లేదో చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి.

(కొద్దిమంది చేతులెత్తారు.)

మంచిది. ఎత్తనివాళ్లు దిగులు పడకండి. ఇంగ్లిష్‌ల పుట్టి పెరిగినవాళ్లు, పేపర్లల్ల ఎడిటోరియల్స్ రాసేవాళ్లు కూడా ఈ వాక్యం రాస్తరు, రాసి తిరిగి చదువుకున్నా వాళ్లకు కనబడదు. ఎందుకు కనబడదన్నదే నాకు తప్పు కంటే ఎక్కువ ఆసక్తి. అందుకే ఇయ్యాల ఈ ఒక్క వాక్యాన్నే పట్టుకొని కూర్చుందాం. గ్రామర్ పుస్తకం మొత్తం తిరగెయ్యను.

మన బడులల్ల క్రియలను వీ వన్, వీ టూ, వీ త్రీ అని నేర్పుతం. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. ఆ పట్టికను పిల్లలతోని గట్టిగ బట్టీ పట్టిస్తం. కాని ఏ హెల్పింగ్ వెర్బ్ పక్కన ఏ రూపం కూర్చుంటదన్నది అంత గట్టిగ చెప్పం. ఈ వాక్యానికి కావలసింది ఆ రెండో సంగతే. హ్యాజ్ హెల్పింగ్ వెర్బ్‌గ వచ్చినప్పుడు దాని వెనక వీ త్రీ రావాలె. హ్యాజ్ గాన్, హ్యాజ్ ఈటెన్, హ్యాజ్ సపోర్టెడ్. విల్ వెనక వీ వన్ రావాలె. విల్ గో, విల్ ఈట్, విల్ సపోర్ట్. ఏడో తరగతి పిల్లవాన్ని విడివిడిగ అడిగితే రెండూ కరెక్టుగనే చెప్తడు. “హీ హ్యాజ్ సపోర్ట్ అవర్ కాలేజ్” అని వానితోని అనిపించుడు కష్టం.

మరి అదే పిల్లవాడు పెద్దయి లెక్చరర్ అయినంక ఈ వాక్యం ఎట్ల రాస్తున్నడు? బోర్డు మీద చూడండి. ‘అండ్ విల్’ అన్న రెండు మాటల మీద చెయ్యి అడ్డం పెడుతున్న. మిగిలింది చదవండి.

(సభ: “హీ హ్యాజ్ కంటిన్యూ టు సపోర్ట్ అవర్ కాలేజ్.”)

నవ్వొచ్చింది కదా. చెయ్యి తీస్తే నవ్వు పోయింది. ఇప్పుడు ‘హ్యాజ్ అండ్’ మీద చెయ్యి పెడుతున్న. “హీ విల్ కంటిన్యూ టు సపోర్ట్ అవర్ కాలేజ్.” ఇది బాగనే ఉన్నది. అంటే వాక్యంల రెండో సగం తన కాళ్ల మీద తను నిలబడ్డది, మొదటి సగం నిలబడలేదు. పరీక్ష ఇంతే. అండ్‌కు అటు ఒకటి, ఇటు ఒకటి ఉన్నప్పుడు ఒకదాన్ని మూసి మిగిలిన వాక్యాన్ని పైకి చదవాలె, తర్వాత రెండోదాన్ని మూసి చదవాలె. మనసుల చదివితే లాభం లేదు. మనసు లేని ‘-ఎడ్’ను తనే చేర్చుకొని ముందుకు పోతది.

ఇక్కడ మా క్లాసుల తెలివైన పిల్లలు ఒక మందు చెప్తరు. “సార్, కంటిన్యూను కంటిన్యూడ్ చేద్దాం” అంటరు. చేసి చూద్దాం. “హీ హ్యాజ్ అండ్ విల్ కంటిన్యూడ్ టు సపోర్ట్.” హ్యాజ్ కడుపు నిండింది, విల్ పస్తున్నది. ఉన్న చోటు ఒక్కటే, అడుగుతున్న రూపాలు రెండు. అక్కడ మీరు ఏది పెట్టినా ఇద్దరిల ఒకరు అలుగుతరు. కాబట్టి ఆ చోట్ల మాట మార్చితే ఈ వాక్యం బాగుపడదు. ఇంకొక చోటు తయారు చెయ్యాలె.

ఇంకొంచెం లోపలికి పోదాం, అసలు చిక్కు అక్కడ ఉన్నది. రాసినాయన మనసుల ‘హ్యాజ్ కంటిన్యూడ్’ అని ఉన్నదా? లేదు. ఇదివరకు సాయం చేసిండు అనాలె, అంతే. అంటే ఆయన మనసుల ఉన్నది ‘హ్యాజ్ సపోర్టెడ్’. ‘కంటిన్యూ టు’ అన్న ముక్క విల్‌కు సంబంధించింది మాత్రమే, ఇకముందు కూడా అన్న అర్థం కోసం వచ్చింది. ఇప్పుడు హ్యాజ్ కష్టం చూడండి. దాని పక్కన విల్ ఉన్నది, దాని పక్కన కంటిన్యూ ఉన్నది, ఆ పక్కన టు ఉన్నది. ఇవన్నీ దాటుకొని పోయి చివర ఉన్న సపోర్ట్‌ను పట్టుకోవాలె, పట్టుకొని దాన్ని సపోర్టెడ్ అని మార్చుకోవాలె. ఆ సపోర్ట్ అప్పటికే టు చేతిల ఉన్నది. టు దాన్ని వీ వన్‌గనే ఉంచుతది. అంటే తప్పు ఒక పొరది కాదు, రెండు పొరలది. రూపం కుదరలేదు, పైగా అది హ్యాజ్‌కు అందే జాగల కూడా లేదు. “హీ హ్యాజ్ అండ్ విల్ సపోర్ట్” అని రాసిన వాక్యంల మొదటి పొర ఒక్కటే ఉంటది. మన వాక్యం దానికంటే ఒక మెట్టు ఎక్కువ చెడ్డది. చిత్రం ఏందంటే, దానికంటే ఎక్కువ వినబడేది కూడా ఇదే.

అండ్‌తోని జోడించుడు అంటే లెక్కలల్ల కామన్ తీసుడు అసువంటిది. 12, 18 ఉన్నప్పుడు 6 కామన్ తీస్తరు, ఎందుకంటే రెండింట్ల 6 ఉన్నది కాబట్టి. 12, 19 ఉంటే 6 తీయరాదు, దగ్గరదగ్గరగ ఉన్నది కదా అని ఊరుకోరు. ‘సపోర్టెడ్’, ‘సపోర్ట్’ రెండు వేరువేరు అంకెలు. పోలిక ఉన్నది కాబట్టి కామన్ తీసినం అనుకుంటం.

మరి చెవి దీన్ని ఎందుకు విడిచిపెడుతది? నేను చెప్పేది ఇది. వినేవాని చెవి అన్నిటికంటే దగ్గర ఉన్న జంటను చూసుకుంటది. సపోర్ట్ వచ్చేసరికి దాని పక్కన ఉన్నది విల్ కంటిన్యూ టు. ఆ జంట కుదిరింది. హ్యాజ్ అన్నది అప్పటికే వెనక పడ్డది, దానికి అర్థం ‘గతంల కూడా’ అని మనం తీసుకున్నం, ఇగ దాని వెనక ఏం రావాలెనో లెక్క చూడం. దీనికి రుజువు కావాల్నా? ‘కంటిన్యూ టు’ను పక్కన పెట్టి వాక్యాన్ని తిప్పి రాయండి. “హీ విల్ అండ్ హ్యాజ్ సపోర్ట్ అవర్ కాలేజ్.” చూసిండ్రా, ఇప్పుడు అందరికీ దెబ్బ తగిలింది. తప్పు అదే తప్పు. కాకుంటే ఇప్పుడు హ్యాజ్, సపోర్ట్ పక్కపక్కన పడ్డయి, అందుకని కనబడ్డది. అనుమానం వచ్చిన ఏ వాక్యాన్నయినా ఇట్ల తిప్పి చదువుకోవచ్చు. చెయ్యి అడ్డం పెట్టే పరీక్ష కంటే ఇది తొందరగ తేల్చుతది అని నా అనుభవం.

ఇప్పుడు మన భాష సంగతి. తెలుగుల ఈ తప్పు చేద్దామన్నా చెయ్యరాదు. “ఆయన సాయం చేసిండు, చేస్తనే ఉంటడు” అంటం. చేసిండు ఒక పూర్తి మాట, చేస్తనే ఉంటడు ఇంకొక పూర్తి మాట. కాలం అన్నది క్రియ తోకల ఉన్నది. తోకలు రెండింటిని ముందు చెప్పి, క్రియను ఒక్కసారి వెనక చెప్దామంటే కుదరదు. “ఆయన సాయం ఇండు మరియు స్తడు చే” అని ఎవరూ అనరు.

(నవ్వులు)

ఇంగ్లిష్‌ల కాలం చెప్పే ముక్క విడిగ, ముందు నిలబడి ఉంటది. హ్యాజ్ ఒక మాట, విల్ ఒక మాట. విడిగ ఉన్నయి కాబట్టి వాటిని అండ్‌తోని ముడెయ్యబుద్ధి అయితది. ముడెయ్యంగనే వెనక క్రియకు ఒక తోక మిగిలి ఉన్నదన్న సంగతి మర్చిపోతం. ఇంగ్లిష్‌ల కాలం సగం ముందుమాటల, సగం క్రియ తోకల ఉన్నది. హ్యాజ్ ఒక్కటే పరిపూర్ణ కాలం కాదు. హ్యాజ్‌తోపాటు ఆ ‘-ఎడ్’ కూడా ఉంటెనే అది పూర్తయితది. మన వాక్యం సగాన్ని పెట్టి సగాన్ని పారేసింది.

అయితే తెలుగుల ఇటువంటిది అసలే లేదని గర్వపడాల్సిన పని లేదు. మన క్రియ చివరికి వస్తది కాబట్టి మన తప్పు కూడా చివరనే పడుతది. వినండి. “నిన్న మా అన్న, రేపు నేను కరీంనగర్ పోత.” ఎట్లున్నది? నిన్నకు పోయిండు కావాలె, రేపుకు పోత కావాలె, ఒక్క ‘పోత’ను ఇద్దరి నెత్తిన పెట్టినం. ఇది విన్న మనిషి ఎవరైనా ఒక్క క్షణం ఆగుతడు. “మా అన్న వరంగల్‌ల, మా తమ్ముడు కరీంనగర్‌ల చదువుతున్నరు” అంటే ఇబ్బంది లేదు, కాలం ఒక్కటే, ‘చదువుతున్నరు’ ఇద్దరికీ సరిపోతది. పిల్లలకు ఇంగ్లిష్ వాక్యంల తప్పు చూపెట్టాల్నంటే ముందు ఈ కరీంనగర్ వాక్యం చెప్పండి. వాళ్లకు తెలుగుల కలిగిన ఆ చిన్న ఇబ్బందే ఇంగ్లిష్ పెరిగిన చెవికి “హ్యాజ్ అండ్ విల్” దగ్గర కలగాల్సింది. కలగకపోవుడు దాని పదాల వరుస చేసిన మాయ.

ఇంకొక కారణం కూడా చెప్త, దీనికి బాధ్యత మనదే, టీచర్లది. కంపోజిషన్ దిద్దేటప్పుడు మాట రెండుసార్లు వస్తే ఎర్ర గీత పెట్టి ‘రిపిటిషన్’ అని రాస్తం. పిల్లవాడు “హీ హ్యాజ్ సపోర్టెడ్ అండ్ విల్ కంటిన్యూ టు సపోర్ట్” అని రాస్తే, సపోర్ట్ రెండుసార్లు ఎందుకురా అంటం. వాడు ఒకటి కొట్టేస్తడు. ఏది కొట్టేస్తడు? మొదటిది. ఆ ఎర్ర గీత వల్లనే తప్పు పుట్టింది. అక్కడ ఉన్నది రిపిటిషన్ కాదు. ఒకటి వీ త్రీ, ఒకటి వీ వన్, రెండింటికీ వేరువేరు ఉద్యోగాలున్నయి. తెలుగుల “చేసిండు, చేస్తనే ఉంటడు” అనేటప్పుడు మనకు రిపిటిషన్ గుర్తుకు రాదు, రావద్దు కూడా.

సరే, బాగుచేసుడు. మొదటి దారి ఇప్పుడే చెప్పిన. “హీ హ్యాజ్ సపోర్టెడ్ అండ్ విల్ కంటిన్యూ టు సపోర్ట్ అవర్ కాలేజ్.” రెండు క్రియలూ పూర్తిగ ఉన్నయి, కాలేజ్ అన్న కర్మ ఒక్కటే రెండింటికీ సరిపోయింది. కావాల్నంటే మధ్యల ముక్కకు అటు ఇటు కామాలు పెట్టవచ్చు. సపోర్టెడ్ తర్వాత ఒకటి, రెండో సపోర్ట్ తర్వాత ఒకటి. పెడితే రెండూ పెట్టాలె, ఒక్కటి పెట్టి ఊరుకోవద్దు. వాక్యం చిన్నగ ఉంటే నేనైతే కామాలు లేకుండనే వదిలేస్త.

రెండో దారి నాకు ఇంకా ఇష్టం. “హీ హ్యాజ్ సపోర్టెడ్ అవర్ కాలేజ్, అండ్ హీ ఆల్వేజ్ విల్.” దీంట్ల సపోర్ట్ ఒక్కసారే వచ్చింది, వాక్యం విల్ మీద ఆగింది. ఇప్పుడు మీల ఎవరికైనా అనుమానం రావాలె. విల్ వెనక రావాల్సింది సపోర్ట్, ముందు ఉన్నది సపోర్టెడ్. రూపం ఇక్కడ కూడా కుదరలేదు కదా, మరి ఇదెట్ల కరెక్ట్ అయింది?

అయింది. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు దీన్ని కళ్లు మూసుకొని ఒప్పుకుంటరు. తేడా వరుసల ఉన్నది. ఇక్కడ పూర్తి క్రియ ముందే వచ్చింది. విల్ దాకా వచ్చేసరికి సపోర్ట్ అన్న క్రియ వినేవాని దగ్గర ఉన్నది, దాని తోక తీసి మొదలును మాత్రం వాడుకుంటడు. పాత వాక్యంల హ్యాజ్ ఇంకా రాని క్రియ కోసం ఎదురుచూసింది, తీరా వచ్చింది వేరే రూపంల వచ్చింది. వెనకకు చూసి ఖాళీని నింపుకొనుడు ఇంగ్లిష్‌ల సులువు. ముందుకు చూసి నింపుకోవాల్నంటే రూపం అచ్చంగ అదే ఉండాలె.

ఈ వెసులుబాటుకు కూడా ఒక హద్దు ఉన్నది. ‘బి’ క్రియ దగ్గర ఇది పనిచెయ్యదు. “షీ సపోర్టెడ్ అస్, అండ్ హర్ సన్ విల్ టూ” అంటే బాగున్నది. “షీ వాజ్ ఇన్ కాజీపేట్, అండ్ హర్ సన్ విల్ టూ” అంటే బాగలేదు. అక్కడ ‘విల్ బి’ అని బి పలకాల్సిందే. వాజ్ ఉన్నది కదా, దాని నుంచి బిని తీసుకోరాదా అంటే, తీసుకోరాదు. హోవర్డ్ లాస్నిక్ అనే భాషాశాస్త్రవేత్త 1995ల ఈ తేడాను పట్టుకొనే ఒక వాదన కట్టిండు. మామూలు క్రియ వాక్యంలకు ఉత్తగ వస్తది, తోక దానికి తర్వాత అతుకుతది, కాబట్టి తోకను విడదీసి మొదలును వాడుకోవచ్చు. బి మాత్రం వాజ్, ఈజ్ అని తయారయ్యే వస్తది, దాంట్ల విడదీయడానికి ఏం లేదు. ఆయన చెప్పింది అందరూ ఒప్పుకోవాలని లేదు గాని, క్లాసుల పిల్లలకు చెప్పనీకె ఈ తేడా అక్కరకు వస్తది. విల్ మీద వాక్యాన్ని ఆపే ముందు, పైన ఉన్నది బి క్రియనా అని ఒకసారి చూసుకొమ్మని చెప్తే చాలు.

ఇప్పుడు రెండోవైపు జాగ్రత్త. ఇట్లాంటి ఉపన్యాసం విని పోయినవాళ్లు ‘హ్యాజ్ అండ్ విల్’ కనబడ్డ ప్రతిచోట ఎర్ర పెన్ను తీస్తరు. తీయకండి. “దిస్ సిటీ హ్యాజ్ అండ్ విల్ ఆల్వేజ్ హ్యావ్ ఎ ప్లేస్ ఇన్ హిస్టరీ.” ఓరుగల్లు గురించి ఎవరో రాసిండ్రు అనుకోండి. తప్పున్నదా? లేదు. ఇక్కడ హ్యాజ్ హెల్పింగ్ వెర్బ్ కాదు, అసలు క్రియ. ‘చరిత్రల చోటు ఉన్నది’ అన్న ‘ఉన్నది’ అది. విల్‌ను, దానితోపాటు ఆల్వేజ్ హ్యావ్‌ను మూసి చదవండి. “దిస్ సిటీ హ్యాజ్ ఎ ప్లేస్ ఇన్ హిస్టరీ.” నిలబడ్డది.

ఇంకొకటి. “హీ హ్యాజ్ అండ్ విల్ పుట్ ఫార్మర్స్ ఫస్ట్.” ఇది కూడా పాసయితది, చూడనీకె మాత్రం అదే తప్పు లెక్క ఉన్నది. పుట్‌కు వీ వన్ పుట్, వీ టూ పుట్, వీ త్రీ కూడా పుట్. హ్యాజ్ పుట్, విల్ పుట్. రెండు గిరాకీలకూ ఒకే రూపం సరిపోయింది. కట్, హిట్, సెట్, లెట్ ఇదే జాతి. కమ్, బికమ్, రన్ కూడా, వీ టూ మారినా వీ వన్, వీ త్రీ ఒక్కటే. నిజం చెప్పాల్నంటే మన తప్పు ఏ రకం తప్పో ఈ క్రియలే తేల్చి చెప్తయి. అర్థంల గొడవ అయితే పుట్‌తోని కూడా గొడవ రావాలె. రాలేదు. అంటే గొడవంతా రూపానిది. కాకుంటే “హ్యాజ్ అండ్ విల్ కంటిన్యూ టు పుట్” అన్నరనుకోండి, మళ్ల తప్పులకు పోయినం, ఎందుకంటే ఇందాక చెప్పిన రెండో పొర తిరిగి వచ్చింది. హ్యాజ్ పక్కన కంటిన్యూ పడ్డది.

“కెన్ అండ్ విల్ హెల్ప్,” “షుడ్ అండ్ మస్ట్ గో” ఇవన్నీ నిమ్మళంగ రాసుకోండి, రెండూ వీ వన్నే అడుగుతయి. “ఈజ్ అండ్ విల్ రిమేన్ అవర్ ఫ్రెండ్” కూడా సరే. “హ్యాజ్ అండ్ కంటిన్యూస్ టు సపోర్ట్” మాత్రం మన తప్పుకు సొంత చెల్లె, పేపర్లల్ల అది కూడా తిరుగుతది. “నైదర్ హ్యాజ్ నార్ విల్ సపోర్ట్” కూడా ఆ ఇంటిదే. అండ్ పోయి నార్ వచ్చినంత మాత్రాన కొలత మారదు.

క్రియలు కాకుండ ప్రిపొజిషన్లతోని కూడా ఇదే జరుగుతది. “ఇంటరెస్టెడ్ అండ్ కమిటెడ్ టు టీచింగ్” అని బయోడేటాలల్ల రాస్తరు. ఇంటరెస్టెడ్‌కు ఇన్ కావాలె. “ఇంటరెస్టెడ్ ఇన్ అండ్ కమిటెడ్ టు టీచింగ్.” దీని గురించి ఇంతకంటే చెప్పను, చెయ్యి అడ్డం పెట్టే పరీక్ష దీనికి కూడా సరిపోతది.

ఇది ఎంత పెద్ద తప్పు అన్న ప్రశ్న ఉన్నది. సన్మాన పత్రంల అయితే పెద్ద తప్పేం కాదు. దాత ఆ కాగితాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టుకుంటడు, ఎవరూ వీ త్రీ వెతకరు. మాట్లాడేటప్పుడయితే నేను పట్టించుకోనే పట్టించుకోను. కాని ఒక చోట ఇది నిజంగనే ఇబ్బంది పెట్టవచ్చు. ఒక ఉదాహరణ కట్టి చూపెడ్త.

కరీంనగర్ వైపు ఒక ఊరిల గ్రానైట్ క్వారీ పక్కన పొలం ఉన్న రైతు, నష్టపరిహారం కోసం ఇంగ్లిష్‌ల నోటీసు పంపుతున్నడు అనుకుందాం. దాంట్ల “ది డస్ట్ హ్యాజ్ అండ్ విల్ డ్యామేజ్ మై క్రాప్” అని రాసిండ్రు. ఈ వాక్యంల రెండు వేరువేరు ఆరోపణలున్నయి. ఒకటి, పంట ఇప్పటికే దెబ్బతిన్నది. రెండు, ఇకముందు కూడా తింటది. మొదటిది జరిగిపోయిన సంగతి, దానికి రుజువు చూపి పైసలు అడగొచ్చు. రెండోది జరగబోయేది, దానికి ఆపమని అడగాలె. అడిగేవే వేరు. ఈ వాక్యంల పూర్తిగ చెప్పిన క్రియ విల్ డ్యామేజ్ ఒక్కటే. పోయిన పంట సంగతి క్రియ లేని హ్యాజ్ మీద వేలాడుతున్నది. ఏ జడ్జీ అయినా అర్థం చేసుకుంటడు, నిజమే. కాని అవతలి వకీలుకు గీసుకొనే గీత మనం ఎందుకు ఇవ్వాలె?

అందుకే ఇంగ్లిష్ దావా పత్రాలు రాసేటోళ్లు “హ్యాజ్ సఫర్డ్ అండ్ విల్ కంటిన్యూ టు సఫర్” అని రెండు క్రియలూ పూర్తిగ రాస్తరు. ఆ భాషను చూసి మనం, ఒకటే మాట ఎన్నిసార్లు చెప్తరు అని విసుక్కుంటం. ఈ ఒక్క విషయంల వాళ్లు చేసేది సరైన పని. మన రైతు నోటీసుల “హ్యాజ్ డ్యామేజ్డ్ అండ్ విల్ కంటిన్యూ టు డ్యామేజ్ మై క్రాప్” అని ఉంటే, పోయినది ఎంత, ఎప్పుడు అన్న వివరం ఆ మొదటి క్రియ పక్కన పెట్టుకోవచ్చు కూడా. “హ్యాజ్ డ్యామేజ్డ్ టూ ఎకర్స్ ఆఫ్ కాటన్ సిన్స్ జులై, అండ్ విల్ కంటిన్యూ టు డ్యామేజ్ ది రెస్ట్.” క్రియ లేకపోతే రెండెకరాలను, జులైని ఎక్కడ తగిలిస్తరు? హ్యాజ్‌కు తగిలించరాదు. తప్పిపోయిన క్రియ తనతోపాటు వివరాన్ని కూడా పట్టుకొని పోతది.

నా మాట అయిపోయింది. ప్రశ్నలు అడగండి.

(ఒక ఉపాధ్యాయురాలు: సార్, పరీక్షల పిల్లవాడు ఇట్ల రాస్తే మార్కు తీసెయ్యాల్నా?)

అది ఏ ప్రశ్న మేడం అన్నదాన్ని బట్టి ఉంటది. వ్యాసంల రాస్తే గీత గీసి, మార్జిన్‌ల ‘హ్యాజ్ వాట్?’ అని రాయండి, మార్కు మాత్రం ముట్టకండి. తప్పును దిద్దుమనే ప్రశ్నల అదే వాక్యం ఇచ్చి ఉంటే తీసెయ్యాల్సిందే. మళ్ల ఒక మాట, సరిదిద్దేటప్పుడు ‘హ్యాజ్ సపోర్టెడ్’ అన్నవాన్ని, ‘హ్యాజ్ కంటిన్యూడ్ టు సపోర్ట్ అండ్ విల్ కంటిన్యూ టు సపోర్ట్’ అన్నవాన్ని ఇద్దరినీ ఒప్పుకోండి. రెండోది పొడుగైంది, అర్థం కొద్దిగ మారింది, గ్రామర్ మాత్రం తప్పు లేదు.

(ఒక విద్యార్థి: పెద్ద పెద్ద దేశాల నాయకులే స్టేజీల మీద ఇట్ల మాట్లాడుతున్నరు కద సార్. అందరూ అంటుంటే అది తప్పెట్ల అయితది?)

మంచిగడిగినవ్ బాబూ. అందరూ అంటే ఏదో ఒకనాడు ఒప్పే అయితది, భాషల అట్ల చానా మారినయి. కాని ఇప్పటికైతే ఒక సంగతి చూడు. వాళ్లల్ల ఎవరినైనా ఆపి, “హీ హ్యాజ్ సపోర్ట్ అవర్ కాలేజ్” అంటరా అని అడుగు. అనం అంటరు. విడిగ ఒప్పుకోనిదాన్ని కలిపినప్పుడు వదిలేస్తున్నరంటే, వాళ్ల గ్రామర్ మారలేదు, ధ్యాస మాత్రమే తప్పింది. గ్రామర్ మారిననాడు “హీ హ్యాజ్ సపోర్ట్ అవర్ కాలేజ్” కూడా అంటరు. ఆనాడు నేను ఈ పాఠం బంద్ చేస్త.

(ఇంకొక విద్యార్థిని: సార్, “ఐ నెవర్ హ్యావ్ అండ్ నెవర్ విల్” అంటరు కదా. దాంట్ల అసలు క్రియనే లేదు. అది తప్పా?)

ఇది ఇయ్యాల వచ్చిన అన్ని ప్రశ్నలల్ల మంచి ప్రశ్న అమ్మా. ఎక్కడ అన్నరో చూడాలె. “నువ్వు ఎప్పుడన్న లంచం తీసుకున్నవా” అని ఇంగ్లిష్‌ల అడిగిండ్రు అనుకో, “హ్యావ్ యు ఎవర్ టేకెన్ ఎ బ్రైబ్?” దానికి జవాబుగ “ఐ నెవర్ హ్యావ్ అండ్ నెవర్ విల్” అంటే పూర్తిగ కరెక్టే. టేకెన్ ప్రశ్నల ఉన్నది, ముందే వచ్చింది. హ్యావ్ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నది. విల్ దాని తోక తీసి టేక్‌ను తీసుకున్నది. రెండూ వెనకకు చూసి నింపుకున్నయి, అది సరే అని ఇందాక చెప్పుకున్నం. అదే మనిషి జవాబును ఇంకొంచెం గట్టిగ చెప్దామని “ఐ నెవర్ హ్యావ్ అండ్ నెవర్ విల్ టేక్ ఎ బ్రైబ్” అన్నడనుకో, ఇప్పుడు తప్పయితది. టేక్ అని వాక్యంల పెట్టంగనే హ్యావ్ దానికి కట్టుబడిపోయింది, ‘హ్యావ్ టేక్’ అయింది. అంటే క్రియ అసలే లేకపోతే ఒప్పు, సగం ఇస్తే తప్పు. దాన్ని “ఐ హ్యావ్ నెవర్ టేకెన్ ఎ బ్రైబ్ అండ్ నెవర్ విల్” అని రాసుకో.